ఉప్పూ కర్పూరమూ: పద్యాన్ని సొంత వచనంలో చెప్పడం

(కడపలో డిగ్రీ మొదటి సంవత్సరం రచనా తరగతి విద్యార్థులకు ఒక తెలుగు అధ్యాపకుడు ఇచ్చిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనకున్నవాళ్లు ముందుకు రండమ్మా, ఇవాళ బోర్డు మీద రాసేది చాలా ఉంది.

ఈ గంటలో ఒకే పని చేద్దాం. ఒక పద్యం తీసుకుని, దాని మాటలు ఎత్తి రాయకుండా, అది చెప్పిందంతా, చెప్పినంతే, మామూలు వచనంలో పెడదాం. "చెప్పిందంతా" అంటే ఏదీ జారిపోకూడదు. "చెప్పినంతే" అంటే ఏదీ కలవకూడదు. ఈ రెండూ కాపాడుకుంటూ మాటలు మాత్రం మనవే కావాలి. మూడూ ఒకేసారి కుదరడమే కష్టం.

పద్యం మీకందరికీ నోటికొచ్చిందే. బోర్డు మీద రాస్తున్నాను.

ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు
చూడచూడ రుచుల జాడ వేరు
పురుషులందు పుణ్యపురుషులు వేరయా
విశ్వదాభిరామ వినురవేమ

తెలిసిన పద్యాన్నే ఎందుకు తీసుకున్నానంటే, మాటలు ఎత్తి రాయడమనే జబ్బు బాగా బయటపడేది ఇలాంటి పద్యాల దగ్గరే. తెలియని పద్యమైతే అర్థం కోసం వెతుకుతారు. ఇది నోటికి వచ్చు కాబట్టి వెతకరు. కలం పెట్టగానే పద్యమే చేతిలోంచి కారుతుంది. పద్యం కాకపోతే పదో తరగతిలో కంఠస్థం చేసిన తాత్పర్యం కారుతుంది. అది కూడా ఎత్తి రాయడమే. గైడు పుస్తకంలో ఎవరో రాసిన వాక్యం మీ వాక్యం కాదు. ఇన్నేళ్లూ దానికి మార్కులు పడ్డాయి కాబట్టి మీదే అనిపిస్తుంది, అంతే.

పోయిన వారం మీరు రాసిచ్చిన కాగితాల్లో నాకు మూడు రకాలు కనిపించాయి. పేర్లు చెప్పను, వాక్యాలు మాత్రం రాస్తాను.

మొదటిది: "ఉప్పు, కర్పూరము ఒకే పోలికలో ఉంటాయి. చూడగా చూడగా వాటి రుచుల జాడ వేరుగా ఉంటుంది. అలాగే పురుషులలో పుణ్యపురుషులు వేరుగా ఉంటారు." ఇందులో చేసిన పనల్లా సంధులు విడదీసి, "నుండు" అన్నదాన్ని "ఉంటాయి" అని మార్చడం. పద్యం నిలువుగా ఉంటే ఇది అడ్డంగా ఉంది. ఇది రాసినవాళ్లకు పద్యం అర్థమైందో లేదో నేను చెప్పలేను, ఎందుకంటే అర్థం కాకపోయినా ఇంతమాత్రం రాయొచ్చు.

రెండోది కొంచెం తెలివైంది: "లవణము, ఘనసారము ఒకే రీతిగా ఉంటాయి. పరిశీలించగా వాటి స్వాదముల తీరు భిన్నము. మానవులలో సజ్జనులు భిన్నము." ప్రతి మాటకూ నిఘంటువులోంచి పర్యాయపదం తెచ్చి పెట్టారు. ఉమ్మడి మాటలు వెతికితే దాదాపు ఏమీ దొరకవు. అయినా ఇదీ నకలే. వాక్యాలు మూడు, పద్యంలోనూ మూడే. ఏ మాట ఉన్నచోట దాని పర్యాయపదమే ఉంది. ఎముకల గూడు పద్యానిది, పైన చర్మం మాత్రం మార్చారు. పైగా నష్టం కూడా జరిగింది. ఉప్పు అందరికీ తెలుసు, ఘనసారం అంటే కర్పూరమని ఇక్కడ ఎంతమందికి తెలుసు? సులభంగా చెప్పమంటే పద్యం కంటే కష్టం చేశారు.

ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెబుతాను. బడిలో మనకు ప్రతిపదార్థం నేర్పారు. ఒక పక్క పద్యంలోని పదం, ఎదురుగా దాని అర్థం. అది చదవడానికి పనికొచ్చే సాధనం, దాన్ని నేను తక్కువ చేయను. కానీ ప్రతిపదార్థంలోని కుడిపక్క వరసను కలిపి చదివితే వచనం కాదు. మాటకు మాట మార్చడం ఒక పని. మొత్తం విషయాన్ని పట్టుకుని కొత్తగా చెప్పడం వేరే పని.

మూడోది చూడండి: "ఉప్పు చెడ్డవారికి, కర్పూరం మంచివారికి గుర్తు. చెడ్డవారు కూడా మంచివారిలాగే నటిస్తారు. కాబట్టి మనం స్నేహం చేసేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి." మాటలు పూర్తిగా సొంతం. వాక్యాల కట్టూ సొంతమే. కానీ పద్యంలో లేనివి ఎన్ని చేరాయో లెక్కపెడదాం. ఉప్పు చెడ్డదని పద్యం అనలేదు. అసలు ఏది ఎవరికి పోలికో విడదీసి చెప్పనే లేదు. రెండూ వేరు అని మాత్రమే అంది. చెడ్డవాళ్ల ఊసే పద్యంలో లేదు. ఉన్నది పురుషులు, వాళ్లలో పుణ్యపురుషులు. అంటే మామూలు మనుషులు, వాళ్లలో కొందరు ఉత్తములు. నటన లేదు, స్నేహం లేదు, జాగ్రత్త లేదు. ఇది వ్యాఖ్యానం. వ్యాఖ్యానం రాయమన్నప్పుడు రాయండి, "పద్యం ఇలా అంటోంది, దీని నుంచి నాకు ఇలా తోస్తోంది" అని వేరుచేసి రాయండి. పద్యం చెప్పిందేమిటో రాయమన్నప్పుడు మీకు తోచింది వేమన నోట్లో పెట్టకూడదు. నా దృష్టిలో మొదటి రెండింటి కంటే ఇది పెద్ద తప్పు. మొదటివాటిలో ఎరువు తెచ్చుకున్న మాటలున్నాయి, ఇందులో అబద్ధమైన సాక్ష్యం ఉంది.

సరే, ఇప్పుడు చేసి చూద్దాం.

మొదట అన్వయం. పాతకాలపు పండితులు పద్యం చెప్పేటప్పుడు ముందు అన్వయక్రమం చెప్పేవాళ్లు. పద్యంలో చెదిరిన మాటల్ని వచనపు వరసలోకి తెచ్చి, ఏ క్రియకు ఎవరు కర్త, ఏ మాట దేనితో కలుస్తుంది అని చూపేవాళ్లు. ఈ పద్యంలో చెదురు తక్కువ, అందుకే సులువనిపిస్తుంది. అయినా ఒకచోట ఆగాలి. "చూడచూడ" అన్నదానికి కర్త ఎవరు? ఉప్పూ కర్పూరమూ కాదు, చూసేవాడు. ఆ చూసేవాడు పద్యంలో కనిపించడు. మన వచనంలో వాడికి చోటివ్వాలి, "పరీక్షిస్తే", "చూసేకొద్దీ" అని. అన్వయం చిత్తుకాగితం మీదే ఉండాలి. అది అర్థం చేసుకోవడానికి మెట్టు. అదే జవాబని ఇచ్చేస్తే ఇందాకటి మొదటి రకం అవుతుంది.

రెండోది, ఏ మాట అర్థం కోసం ఉంది, ఏ మాట ఛందస్సు కోసం వచ్చింది అని విడదీయడం. ఇది ఆటవెలది. ఒకటో పాదం, మూడో పాదం మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండో పాదం, నాలుగో పాదం అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి కుదరాలి, కుదరకపోతే ప్రాసయతి చెల్లుతుంది. రెండో పాదం చూడండి: చూడ, చూడ, రుచుల, జాడ, వేరు. నాలుగో గణం "జాడ". మొదటి గణం "చూడ". రెండింటిలోనూ రెండో అక్షరం డకారం. అది ప్రాసయతి. "రుచులు వేరు" అంటే అర్థం సరిపోయేది. "జాడ" వచ్చి పాదం నిండింది, యతి కుదిరింది, చెవికి ఇంపు వచ్చింది. వచనంలో మనకు యతి లేదు, గణం లేదు. కాబట్టి ఆ జాడను మోసుకు రానక్కర్లేదు. కాగితాల్లో ఎక్కువమంది పట్టుకుని వేలాడిన మాట అదే. "రుచుల జాడ" అని మామూలుగా మన ఇళ్లలో ఎవరైనా అంటారా?

మరి "చూడచూడ" కూడా ఛందస్సు కోసమేనా? కాదు. ఒక్కసారి "చూడ" అంటే ఒక చూపు. రెండుసార్లు అంటే చూస్తూ పోగా, కొంత పట్టి పట్టి చూడగా. తేడా వెంటనే తెలియదు, పరీక్ష కావాలి, దానికి వేళ పడుతుంది అని ఆ జంటమాట చెబుతోంది. దీన్ని వదిలేస్తే పద్యంలో సగం పోతుంది. మాట రెండుసార్లు రాయకుండా ఆ ఓపికను మన వచనంలో ఎలాగైనా చూపించాలి.

నాలుగో పాదం మకుటం. దాని తాత్పర్యం రాయనక్కర్లేదు. కానీ అందులో ఒక సంగతి ఉంది: ఇది ఎవరో ఎవరితోనో అంటున్న మాట. కాబట్టి మన వచనంలో "వేమన అంటాడు" అని ఒకచోట రావాలి. మాటలు మనవైనా ఆలోచన ఆయనది. పేరు చెప్పకుండా రాస్తే, ఒక్క మాట కూడా కలవకపోయినా, ఆలోచన ఎత్తుకున్నట్టే.

ఇప్పుడు అసలు మెట్టు. పుస్తకం మూసేయండి. నేను బోర్డు చెరిపేస్తాను. మీ ఇంట్లో అవ్వకో, తమ్ముడికో ఈ సంగతి చెబుతున్నట్టు, ఇంటి మాటల్లో చెప్పండి. పద్యం చదవొద్దు, సంగతి చెప్పండి. ఏమ్మా, జమ్మలమడుగు నుంచి వచ్చే అమ్మాయివి నువ్వే కదా, చెప్పు.

(విద్యార్థిని: "అవ్వా, ఉప్పూ కర్పూరమూ చూసేదానికి ఒగే మాదిరుంటాయి. ఏది ఏందో యట్ల తెలుస్తాది? నోట్లో ఏసుకుంటేనే తెలుస్తాది. మనుసులు గూడా అంతే. అందరూ ఒగే మాదిరి కనపడతారు గానీ, మంచోళ్ల గుణమే వేరు.")

చాలా బాగా చెప్పావు. అందరూ గమనించండి, ఆ అమ్మాయి నోట "పోలిక" రాలేదు, "జాడ" రాలేదు, "పురుషులు" రాలేదు. తప్పించుకోవాలని తప్పించుకున్నది కాదు. కడప మాటలో ఆ సంగతి చెప్పాలంటే ఆ మాటలతో పనే పడలేదు. "మాదిరి" వచ్చింది, "చూసేదానికి" వచ్చింది. మధ్యలో ఒక ప్రశ్న వేసి తనే జవాబు చెప్పింది. పద్యానికి లేని కట్టు అది. నకలు పోవాలంటే నిఘంటువు కంటే ఇంటి మాట బాగా పనిచేస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. మీలో చాలామంది ఇంటి మాట తరగతికి పనికిరాదనుకుని గేటు దగ్గరే వదిలేసి వస్తున్నారు. చిత్తుప్రతి ఆ మాటలోనే రాయండి. తర్వాత దాన్ని అందరూ చదివే వచనంలోకి దిద్దుకోవచ్చు.

ఇక ఇందులో చేరినవీ జారినవీ చూద్దాం. "నోట్లో ఏసుకుంటేనే" అంది. పద్యంలో రుచి ఉంది కాబట్టి నోట్లో వేసుకోవడం దాని నుంచి వచ్చేదే, కొత్తగా కల్పించింది కాదు. "అందరూ ఒగే మాదిరి కనపడతారు" అన్నది పద్యంలో మాటగా లేదు. కానీ ఉప్పుకూ కర్పూరానికీ చెప్పింది మనుషులకు వర్తించాలంటే ఆ మెట్టు ఉండి తీరాలి. లేకపోతే మొదటి పాదం ఎందుకున్నట్టు? పోలిక బలవంతంగా రప్పించే భావాన్ని రాయొచ్చు, రాయాలి కూడా. పోలిక రప్పించనిదాన్ని, ఉప్పు చెడ్డవాళ్లు అన్నట్టివాటిని, రాయకూడదు. ఈ గీత ఎక్కడుందో ప్రతిసారీ మీరే చూసుకోవాలి. జారిపోయింది ఒకటే, "చూడచూడ"లోని ఓపిక. అది చేర్చాలి.

(విద్యార్థి: "సార్, కర్పూరం తినేది కాదు కదా. రుచి ఎట్ల తెలుస్తుంది?")

మంచి ప్రశ్న. మీకు తెలిసింది హారతి కర్పూరం. అది విషం, పొరపాటున కూడా నోట్లో వేసుకోకండి. పచ్చకర్పూరం వేరే ఉంది. గుడిలో తీర్థంలో కలుపుతారు, కొన్ని తీపి వంటల్లోనూ చిటికెడు వేస్తారు. రుచి అన్నాడు కాబట్టి నేను దాన్నే అనుకుంటాను. కానీ ఈ వివరం మన వచనంలోకి రాకూడదు. పద్యం పచ్చ అనలేదు, తెల్లన అని కూడా అనలేదు. ఇద్దరు ముగ్గురు "తెల్లగా ఉండే ఉప్పు, కర్పూరం" అని రాశారు. నిజమే, రెండూ తెల్లగానే ఉంటాయి. అయినా అది మీ జ్ఞానం, పద్యం మాట కాదు. పక్కన నోట్సులో పెట్టుకోండి.

ఇప్పుడు దిద్దిన ప్రతి రాస్తున్నాను.

"ఉప్పునూ కర్పూరాన్నీ కంటితో గుర్తుపట్టి ఏది ఏదో చెప్పడం కష్టం. ఓపికగా పరీక్షిస్తే మాత్రం దేని రుచి దానిదేనని బయటపడుతుంది. మనుషుల సంగతీ అంతేనని వేమన అంటాడు. ఉత్తములు పైకి అందరిలాగే కనిపించినా మిగతావాళ్ల కోవలోకి రారు."

ఇప్పుడు మళ్లీ పద్యం తెరిచి, రెండింటిలోనూ ఉన్న మాటల కింద గీత గీయండి. వేమన పేరు పక్కన పెడితే ఉప్పు, కర్పూరం, రుచి. మూడే. ఒక్కోదాన్నీ అడగండి: నువ్వు లేకుండా గడుస్తుందా? ఉప్పుకు ఉప్పే పేరు. లవణం అంటే రసాయనశాస్త్రం పాఠంలోకి పోతాం. వస్తువుల పేర్లు ఎవరి సొత్తూ కాదు, ఉండనివ్వండి. రుచి కూడా అంతే. "పోలిక", "జాడ", "వేరయా", "పుణ్యపురుషులు" కవి ఎంచుకున్న మాటలు. అవి ఉండాలనిపిస్తే కొటేషను గుర్తుల్లో పెట్టి, అవి పద్యంలోవని చెప్పండి. గుర్తులు లేకుండా మీ వాక్యంలో కలిపేయకండి.

పుణ్యపురుషులను నేను ఉత్తములన్నాను. పుణ్యం అన్నదాంట్లో చేసిన మంచి పని, దాని ఫలం, పవిత్రత అన్నీ ఉన్నాయి. "ఉత్తములు" అంతా పట్టదు. "మంచి నడత ఉన్నవాళ్లు" అనొచ్చు, అదీ అంతా పట్టదు. ఇలాంటిచోట ఎంతో కొంత పోతుంది. ఏది పోయిందో మీకు తెలిసి ఉండాలి, అడిగితే చెప్పగలగాలి.

వరస గురించి కూడా ఒక మాట. వాక్యాల కట్టు మార్చమన్నాను కదా అని కొందరు మనుషుల్ని ముందు పెట్టి, ఉప్పూ కర్పూరాన్నీ ఉదాహరణగా చివర్లో పెట్టారు. అలా రాయొచ్చనే అధ్యాపకులు ఉన్నారు. నేను ఒప్పుకోను. ఈ పద్యంలో ముందు వంటింటి వస్తువు వస్తుంది, మనం అవునని తలూపుతాం, అప్పుడు మనిషి మాట వస్తుంది. ఒప్పించే పద్ధతే ఆ వరస. వాక్యం లోపలి కట్టు మార్చండి, ఆలోచన నడిచే దారి మార్చకండి.

ఇంకో పద్యం తొందరగా చూసి ముగిద్దాం, ఎందుకంటే దీనితో వచ్చే చిక్కు వేరు. సుమతీ శతకంలోది.

అక్కరకు రాని చుట్టము
మ్రొక్కిన వరమీని వేల్పు మోహరమున దా
నెక్కిన బారని గుర్రము
గ్రక్కున విడువంగవలయు గదరా సుమతీ

దీనికి చాలామంది ఒకే వాక్యం రాశారు: "ఉపయోగపడని వాటిని వదిలేయాలని కవి చెప్పాడు." మాటలు సొంతమే, తప్పు కూడా లేదు. కానీ ఇది సారాంశం. నూరు రూపాయలు అప్పిస్తే పదే తిరిగిచ్చారు. పద్యంలో ముగ్గురున్నారు, ఒక్కొక్కరికీ ఒక సందర్భం ఉంది. చుట్టం అవసరానికి ఆదుకోడు. దేవుడు మొక్కుకున్నా కరుణించడు. గుర్రం యుద్ధరంగంలో తన మీద ఎక్కి కూర్చున్నా పరిగెత్తదు. మూడు చోట్లా పని పడ్డ వేళకే చేయిచ్చారు. ఉత్తప్పుడు వాళ్లెలా ఉంటారో పద్యానికి అక్కర్లేదు. "మోహరమున" అన్నదాన్ని వదిలేసి "పరిగెత్తని గుర్రం" అని రాస్తే ఆ గుర్రం ముసలిదో కుంటిదో అయిపోతుంది. ఇక "గ్రక్కున". వెంటనే అని. ఒక్క కాగితంలోనూ ఇది కనిపించలేదు. వదిలేయమనడం ఒకటి, ఆలోచిస్తూ కూర్చోకుండా వదిలేయమనడం ఇంకొకటి.

నేనైతే ఇలా రాస్తాను: "అవసరంలో ఆదుకోని బంధువునూ, ఎంత వేడుకున్నా కోరిక తీర్చని దేవుణ్నీ, యుద్ధంలో స్వారీకి సిద్ధమైతే కదలని గుర్రాన్నీ ఆలస్యం చేయకుండా దూరం పెట్టాలని శతకకారుడు హెచ్చరిస్తున్నాడు." పద్యంలో మూడూ వరసగా వచ్చి క్రియ చివర్లో పడుతుంది. నా వాక్యమూ అలాగే ఉందని మీరు అడగొచ్చు. తెలుగు వచనంలో క్రియ చివరికి రావడం సహజం, ఆ కట్టు కవి ఒక్కడిది కాదు, భాషది. అయినా ఇబ్బందిగా ఉంటే మూడు వాక్యాలుగా విడగొట్టండి.

(విద్యార్థిని: "సార్, మేం రాసింది సరిపోయిందో లేదో మాకు మేమే ఎట్ల తెలుసుకోవాలి?")

పద్యం చూడనివాళ్లకు మీ వచనం ఒక్కటే ఇవ్వండి. చదివాక మూడు నాలుగు ప్రశ్నలు వేయండి. ఎవరు అన్నారు, దేని గురించి అన్నారు, ఏం చేయమన్నారు లేదా ఏం గమనించమన్నారు, ఎప్పుడు. వాళ్లు చెప్పిన జవాబులు పద్యం పక్కన పెట్టి చూడండి. పద్యంలో ఉన్నది వాళ్లకు తెలియకపోతే మీరు జారవిడిచారు. పద్యంలో లేనిది వాళ్లు చెబితే మీరు కలిపారు. తెలిసిన పద్యాలకు ఈ పరీక్ష పనికిరాదు, వాళ్లు జ్ఞాపకం నుంచి జవాబు చెప్పేస్తారు. అందుకే వచ్చే వారానికి మీరు ఎప్పుడూ వినని పద్యం తెమ్మంటున్నాను.

ద్వ్యర్థి పద్యాల జోలికి మాత్రం ఇప్పుడే పోకండి. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం రామాయణం వైపు ఒక కథ, భారతం వైపు ఇంకో కథ చెబుతుంది. అక్కడ ఒక్క వచనం చాలదు, రెండు విడివిడిగా రాయాలి, రెండూ రాశాక కూడా ఒకే మాట రెండు పనులు చేసిన ఆ నేర్పు వచనంలో కనిపించదు. అది రెండో సంవత్సరంలో చూద్దాం.

పద్యం ఎక్కడిదో కూడా రాయాలి. వేమన పద్యాలు చాలాకాలం నోళ్ల మీదా రాతప్రతుల్లోనూ తిరిగాయి. మన కడపలో ఉద్యోగం చేసిన బ్రౌన్ దొర ఆ ప్రతులు పోగుచేసి, ఇంగ్లీషు అనువాదంతో 1829లో అచ్చువేయించాడు. ఇప్పటికీ ఒక పుస్తకంలో ఒక మాట, ఇంకో పుస్తకంలో ఇంకో మాట ఉంటుంది. మీ వచనం ఏ పాఠానికి రాశారో నాకు తెలియకపోతే మీరు జారవిడిచారో, మీ పుస్తకంలోనే ఆ మాట లేదో నేను తేల్చలేను. కాబట్టి కాగితం పైన పద్యం ఉన్నదున్నట్టు, పుస్తకం పేరు, పేజీ. దాని కింద ఇంటి మాటలో చిత్తుప్రతి, దాన్ని కొట్టేయకండి. దాని కింద దిద్దిన ప్రతి, ఉమ్మడి మాటల కింద గీతలతో. సోమవారం ఉదయం మొదటి గంటకు తీసుకురండి.